మూడు రోజుల డబ్బా

జీర్ణకోశ విభాగం ల్యాబులో తలుపు పక్కనే ఒక తూకం ఉంది. దాని మీద పెయింటు డబ్బా అంత ప్లాస్టిక్ డబ్బా, గట్టి మూత. ఖాళీ డబ్బా బరువు మూత మీద మార్కరుతో ముందే రాసి ఉంది: 212 గ్రాములు. రోగి మూడు రోజుల మలం అందులోనే పట్టి తెస్తారు, బరువు చూస్తారు, 212 తీసేస్తారు. రాయలసీమలోని ఒక బోధనాసుపత్రిలో ఈ గదిని చూడడానికి వెళ్లాను. నెలల తరబడి విరేచనాలతో బరువు తగ్గి, నోరు పూసి, రక్తం పలచబడిన మనిషిలో తిన్న తిండి ఒంటబడుతోందా లేదా అని తేల్చే చోటు ఇది. ఇలాంటి జబ్బుని మనవాళ్లు తరతరాలుగా గ్రహణి అంటున్నారు. అందులో ఒక రకానికి వైద్యులు పెట్టిన పేరు ట్రాపికల్ స్ప్రూ. దానికి మందులు తేలిగ్గా దొరుకుతాయి, చవక కూడా. అందుకే ఆ పేరు తొందరపడి పెట్టేస్తారు. ఆ గదిలో చూసినదాన్ని బట్టి నాకు కలిగిన అభిప్రాయం ఇది: స్ప్రూ అనే పేరు అన్నిటికన్నా చివర రావాలి, అంతకుముందు వచ్చే ఏ అంకెనూ ఒంటరిగా నమ్మకూడదు.

ముందు డబ్బా సంగతి. మనం తినే కొవ్వు ఒంటబట్టాలంటే క్లోమం నుంచి ఎంజైము రావాలి, కాలేయం నుంచి పైత్యరసం రావాలి, ఆపైన చిన్నపేగు లోపలి పొర దాన్ని పీల్చుకోవాలి. ఈ మూడింట్లో ఏది చెడినా కొవ్వు మలంలోకి పోతుంది. అది ఎంత పోతోందో కొలిచే పద్ధతిని వాన్ డి కామర్ బృందం 1949లో ప్రకటించింది. ఇప్పటికీ ఇక్కడ దాన్నే వాడుతున్నారు. మూడు రోజుల మలాన్నీ కలిపి మిక్సీలో ఒకే ముద్దగా చేస్తారు. అందులోంచి కొద్ది గ్రాములు తీసి ఆల్కహాలు, పొటాషియం హైడ్రాక్సైడ్‌తో మరిగిస్తే కొవ్వంతా సబ్బవుతుంది. ఆమ్లం పోస్తే ఆ సబ్బు విడిపోయి కొవ్వు ఆమ్లాలు బయటికొస్తాయి. వాటిని పెట్రోలియం ఈథర్‌లోకి లాగి, ఆవిరి చేసి, థైమాల్ బ్లూ వేసి, పైనుంచి క్షారాన్ని చుక్క చుక్కగా వదులుతారు. టెక్నీషియన్ గారు బ్యూరెట్ పిడిని రెండు వేళ్లతో పట్టుకుని ఫ్లాస్కుని తిప్పుతూ నిలబడ్డారు. పసుపు రంగు నీలానికి తిరిగి అలాగే నిలిచిన చోట ఆపేశారు. ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో దాన్నిబట్టి కొవ్వెంతో లెక్క వస్తుంది.

ఈ రసాయనంలో తప్పులు తక్కువ. తప్పులన్నీ డబ్బా ల్యాబుకి చేరకముందే జరుగుతాయి. రోగి ఒక్కసారి మరిచిపోయి బయటికి వెళ్లొస్తే ఆ మేరకు కొవ్వు తగ్గి, జబ్బు లేనట్టు కనిపిస్తుంది. మూత్రం కలిస్తే బరువు పెరుగుతుంది. అన్నిటికన్నా పెద్ద తప్పు తిండిది. పుస్తకాల్లో ఉండే హద్దు రోజుకి 7 గ్రాములు. దానికంటే ఎక్కువ పోతే కొవ్వు ఒంటబట్టనట్టు. కానీ ఆ హద్దు రోజుకి 100 గ్రాముల కొవ్వు తినే మనిషికి పెట్టింది. అంటే వందలో ఏడు పోవచ్చు. అన్నం, పలచటి పప్పు, కాస్త తాలింపు నూనెతో సరిపెట్టుకునే మనిషి 25 గ్రాములే తిని ఉండొచ్చు. ఆయన మలంలో 5 గ్రాములు పోతే రిపోర్టులో "నార్మల్" అని వస్తుంది, నిజానికి తిన్నదాంట్లో అయిదో వంతు పోతోంది. అందుకే ఇక్కడ డబ్బా ఇవ్వడానికి రెండు రోజుల ముందే కొలిచిన తిండి మొదలుపెట్టిస్తారు. అన్నంలోకి ఎన్ని చెంచాల నెయ్యి, కూరకి ఎంత నూనె అని రాసిన కాగితం డబ్బాతో పాటే ఇస్తారు. ఆ ఉదయం ఒక ముసలాయన కూతురికి టెక్నీషియన్ గారు, "నాన్నగారు నెయ్యి వద్దన్నారని మానకమ్మా, తినకపోతే ఈ పరీక్షే దండగ," అని నచ్చజెప్పడం విన్నాను. విరేచనాల రోగికి నెయ్యి పెట్టమంటే ఇంట్లో ఎవరికీ మనసొప్పదు. ఆ మాట చెప్పడం కూడా ఈ పరీక్షలో భాగమే.

ఇంత శ్రమ ఎందుకు, ఈ పరీక్షని చాలా చోట్ల మానేశారు కదా అని అడగొచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. సుడాన్ రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తే నారింజరంగు కొవ్వు బిందువులు నిమిషాల్లో కనిపిస్తాయి. క్లోమం సంగతి తెలియాలంటే మలంలో ఎలాస్టేజ్ చూడొచ్చు, మూడు రోజులు ఆగనక్కర్లేదు. పేగు ముక్క తీసి చూడడమూ ఇప్పుడు సులువే. వీటి విలువ నేను కాదనను. అయితే సుడాన్ పరీక్షలో ఎక్కువగా పోయే కొవ్వు దొరుకుతుంది, కొద్దిగా పోయేది తప్పించుకుంటుంది. నీళ్ల విరేచనమైతే ఎలాస్టేజ్ పలచబడి, క్లోమం బాగున్నా చెడినట్టు చూపిస్తుంది. డబ్బాకీ దాని లోపం దానికుంది. పేగు బాగున్నవాళ్లకి మందుతో విరేచనాలు తెప్పించి 1992లో ఫైన్, ఫోర్డ్‌ట్రాన్ చూపించారు: విరేచనాల వల్లే కొవ్వు రోజుకి 14 గ్రాముల దాకా పోవచ్చు. కాబట్టి 7 దాటిందనగానే పేగు చెడిందనలేం, దాటనంతమాత్రాన బాగుందనీ అనలేం. డబ్బా అంకె ఎంత పోతోందో చెబుతుంది, ఎందుకు పోతోందో చెప్పదు.

ఆ "ఎందుకు" కోసం వైద్యులు పేరు, ఊరు తీసేసి ఒక కేసు షీటు చూపించారు. 44 ఏళ్ల స్త్రీ, ఏడు నెలలుగా విరేచనాలు, 58 కిలోల నుంచి 46కి పడిపోయింది. నాలుక నున్నగా ఎర్రబడి ఉంది, అరికాళ్లలో తిమ్మిరి. హిమోగ్లోబిన్ 7.8, ఎర్రకణాలు మామూలుకంటే పెద్దవి. బి12 తక్కువ. తిండిలో రోజుకి 50 గ్రాముల కొవ్వు. మూడు రోజుల మలం 1,380 గ్రాములు, ప్రతి వంద గ్రాముల్లో రెండున్నర గ్రాముల కొవ్వు. అంటే మొత్తం 34.5, రోజుకి 11.5 గ్రాములు. 14 గ్రాముల హద్దుతో పోలిస్తే ఇది విరేచనాల వల్లే కావచ్చు అనిపిస్తుంది. కానీ 14 అన్నది 100 గ్రాముల తిండికి వచ్చిన అంకె. ఈమె తిన్నది 50, అంటే వందకి 23 వంతులు పోతున్నాయి. ఆ తర్వాత జైలోజ్ పరీక్ష. ఈ చక్కెర 5 గ్రాములు నీళ్లలో తాగిస్తే, పేగు పొర బాగున్నవాళ్లలో అయిదు గంటల్లో ఇంచుమించు గ్రాముకి పైగా మూత్రంలోకి రావాలి. దీనికి క్లోమం ఎంజైముతో పనిలేదు. ఈమెకి అర గ్రామే వచ్చింది. కిడ్నీలు చెడినా ఈ అంకె తగ్గుతుంది కాబట్టి క్రియాటినిన్ చూశారు, బాగుంది. కొవ్వూ, చక్కెరా రెండూ ఒంటబట్టడం లేదు కాబట్టి దోషం పేగు పొరలో ఉందన్నమాట.

స్ప్రూ అనాలంటే ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు పోషకాలైనా ఒంటబట్టకపోవాలనే షరతు ఊరికే పెట్టింది కాదు. 1960ల మొదట్లో, చిత్తూరుకి ఆనుకునే ఉన్న అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లా పల్లెల్లో స్ప్రూ అంటువ్యాధిలా పాకింది. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ నుంచి సెల్విన్ బేకర్, వి.ఐ. మథన్ ఏళ్లపాటు ఆ ఊళ్లలో పనిచేశారు. ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా చాలామందికి జైలోజ్ సరిగా ఒంటబట్టడం లేదని ఆ పరిశోధనల్లో తేలింది. ఉష్ణదేశపు పల్లెల్లో మంచి ఆరోగ్యంతో తిరిగేవాళ్ల పేగు పొర కూడా కొంత అరిగి ఉంటుంది. ఒక్క పరీక్ష పట్టుకుని పేరు పెడితే ఊళ్లో చాలామంది స్ప్రూ రోగులైపోతారు.

రెండు పోషకాలూ తేలాక కూడా ఆ పేరు రాయలేదు. గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు కోసం రక్తంలో యాంటీబాడీ చూశారు, దానితోపాటు మొత్తం ఐజీఏ కూడా. ఐజీఏ మొత్తంగానే తక్కువగా ఉంటే మొదటి పరీక్ష అబద్ధం చెబుతుంది. జియార్డియా కోసం మూడుసార్లు మలం, హెచ్‌ఐవీ పరీక్ష, పేగు క్షయ కోసం స్కాన్ చేశారు. ఏదీ తేలలేదు. ఎండోస్కోపీలో డుయోడినం నుంచి, కొలనోస్కోపీలో చిన్నపేగు చివరి భాగం నుంచి ముక్కలు తీశారు. రెండు చోట్లా పొర మీది వేళ్లలాంటి విల్లైలు పొట్టిగా అరిగి ఉన్నాయి. సీలియాక్ ఎక్కువగా పేగు మొదటి భాగాన్నే పట్టుకుంటుంది, స్ప్రూ చివరిదాకా పాకుతుంది. బి12 ఒంటబట్టేది ఆ చివరి భాగంలోనే కాబట్టి ఈమె అరికాళ్ల తిమ్మిరికి కారణం అక్కడ కనిపించింది. అప్పుడు మాత్రమే షీటు మీద స్ప్రూ అని రాశారు.

పేదరోగిని ఇన్ని పరీక్షలతో తిప్పేకంటే ఫోలిక్ ఆసిడ్, టెట్రాసైక్లిన్ రాసి చూడొచ్చు కదా, తగ్గితే స్ప్రూ అనుకోవచ్చు కదా అనేవాళ్లున్నారు. ఈ వాదన వెనకున్న దయను నేను తక్కువ చేయను. ఆ మందుల మీద తెలుగువాళ్లకి మమకారం ఉండడమూ సహజం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఇద్దరు సోదరులు ఈ స్ప్రూతోనే కొద్ది రోజుల తేడాతో పోయారని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. తర్వాత లెడర్లీ సంస్థలో ఆయన నడిపిన పరిశోధనశాల నుంచే ఫోలిక్ ఆసిడ్ తయారీ వచ్చింది, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా వచ్చింది. అయినా ఆ వాదనతో ఏకీభవించలేను. ఫోలిక్ ఆసిడ్ వేసుకున్న కొద్ది రోజులకే ఆకలి పెరుగుతుంది, రక్తం పుంజుకుంటుంది. కారణం వేరే ఉన్నా కొంత మెరుగు కనిపిస్తుంది. పేగులో సూక్ష్మజీవులు మితిమీరి పెరిగిన జబ్బుకీ టెట్రాసైక్లిన్ పనిచేస్తుంది. అందుకని తగ్గిందనేది ఒక్కటే రుజువు కాదు. పైగా బి12 లేకుండా ఫోలిక్ ఆసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడుతుంది, నరాలు లోలోపల చెడిపోతూనే ఉంటాయి. రోగి బాగా నీరసించి ఉంటే ఆగమని ఎవరూ అనరు. ముందు రక్తం తీసి పెట్టుకుని ఆ గంటలోనే విటమిన్లు రెండూ మొదలుపెట్టొచ్చు. టెట్రాసైక్లిన్ మాత్రం డబ్బా నిండేదాకా, పేగు ముక్కలు తీసేదాకా ఆగగలదు.

ఈమెకి బి12 ఇంజెక్షన్లు, రోజుకి 5 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆసిడ్, టెట్రాసైక్లిన్ 250 మిల్లీగ్రాములు రోజుకి నాలుగుసార్లు ఆరు నెలలపాటు ఇచ్చారు. ఆరు నెలల తర్వాత మళ్లీ అదే 50 గ్రాముల తిండి, మళ్లీ డబ్బా. రోజుకి 3 గ్రాములు. బరువు 55 కిలోలు. షీటు చివర "అరికాళ్ల తిమ్మిరి కొంత మిగిలింది" అని ఉంది. పైకి వెళ్లి మొదటి పేజీ చూస్తే కారణం కనిపించింది: ఇక్కడికి రాకముందు అయిదు నెలలు ఆమె రక్తం పట్టడానికని ఫోలిక్ ఆసిడ్ మాత్రలు ఒక్కటే వేసుకుంది.