కాషన్ డిపాజిట్ రసీదు ఎక్కడ పెట్టారు?

మొన్న మా తోటికోడలు వాళ్ళమ్మాయి ఇంజనీరింగ్ కాలేజీ ఫీజు కాగితం ఫోటో తీసి పంపింది. "అక్కా, లక్షా పన్నెండు వేల అయిదొందలు. ఇది కట్టేస్తే ఏడాదంతా ఇంకేం ఉండదు కదా?" అని అడిగింది. ఉంటాయమ్మా అన్నాను. అలాగే, అందులో కొంత తిరిగి కూడా వస్తుంది, కాకపోతే దానికి ఇవాళ్టి నుంచే కాగితాలు దాచుకోవాలి అని చెప్పాను.

మా పెద్దమ్మాయి నాలుగేళ్ళ బీటెక్ ముగించి, పోయిన ఏడాదే కాలేజీ నుంచి బయటికొచ్చింది. ఇంట్లో ఫీజుల ఫైలు నా దగ్గరే ఉంటుంది. మావారు డబ్బు పంపిస్తారు, రసీదులు నేను దాస్తాను. ఆ ఫైలు ముందేసుకుని తోటికోడలికి చెప్పినవే ఇక్కడ మీకూ రాస్తున్నాను.

ఫీజు కాగితం చేతికి రాగానే దాని పక్కన మూడు గళ్ళు గీసుకుంటాను. ఒకటి పోయే డబ్బు, రెండు తిరిగొచ్చే డబ్బు, మూడు ఈ కాగితంలో లేకపోయినా కట్టాల్సిన డబ్బు. మా అమ్మాయి మొదటి ఏడాది కాగితంలో ట్యూషన్ ఫీజు 95,000, స్పెషల్ ఫీజు 5,500, ఎన్‌బీఏ ఫీజు 3,000, రిజిస్ట్రేషన్ 4,000, కాషన్ డిపాజిట్ 5,000 ఉన్నాయి. మొత్తం 1,12,500. ఇందులో తిరిగొచ్చే గడిలోకి వెళ్ళేది ఆ చివరి అయిదు వేలే. హాస్టల్‌కి విడిగా ఇంకో పదివేలు డిపాజిట్ కట్టాం. అంటే మా ఇంటి డబ్బు పదిహేను వేలు నాలుగేళ్ళపాటు వడ్డీ లేకుండా వాళ్ళ దగ్గర ఉందన్నమాట.

ఈ గళ్ళు గీసేటప్పుడు ఎక్కువగా తికమక పెట్టేది 'ల్యాబ్' అనే మాట. ల్యాబ్ ఫీజు అంటే కెమికల్స్‌కీ, పరికరాల నిర్వహణకీ అయ్యే ఖర్చు. అది ఏ ఏడాదికి ఆ ఏడాది అయిపోతుంది, తిరిగి రాదు. ల్యాబ్ డిపాజిట్ అలా కాదు. పిల్లలు ఏదైనా పగలగొడితే పట్టుకోవడానికి ముందుగా తీసుకునే డబ్బు, చివర్లో మిగిలింది ఇవ్వాలి. కొన్ని కాగితాల్లో ఉత్త 'ల్యాబ్' అని రాసి ఊరుకుంటారు. అలాంటప్పుడు కౌంటర్లో "ఇది ఫీజా, డిపాజిట్టా?" అని అడిగి, డిపాజిట్ అయితే రసీదు మీద ఆ మాట రాయించుకోవాలి. రసీదు మీద ఫీజు అని ఉంటే, నాలుగేళ్ళ తర్వాత అది డిపాజిట్ అని మనం ఎంత చెప్పినా ఎవరూ వినరు.

ఇక మూడో గడి. ల్యాబ్ మాన్యువల్స్, రికార్డు పుస్తకాలు, ఏప్రన్, డ్రాయింగ్ సామాను అన్నీ కలిపి మొదటి ఏడాది 3,400 అయింది. ఫీజు కాగితంలో ఇవేవీ లేవు. పరీక్ష ఫీజు కూడా చాలా కాలేజీల కాగితంలో కనిపించదు, ఎందుకంటే అది యూనివర్సిటీ నోటిఫికేషన్ వచ్చినప్పుడు సెమిస్టర్‌కోసారి కట్టేది. మాకు సెమిస్టర్‌కి పదిహేను వందల దాకా పడేది. ఆఖరు తేదీ దాటితే అపరాధ రుసుము ఉంటుంది, రోజులు గడిచేకొద్దీ అది పెరుగుతుంది. నోటిఫికేషన్ పిల్లల వాట్సాప్ గ్రూపులోకి వస్తుంది, డబ్బేమో మన ఫోన్లోంచి పోవాలి. అందుకని సెమిస్టర్ మొదలైన మూడో నెల నుంచి "పరీక్ష ఫీజు తేదీ ఇచ్చారా?" అని ఆదివారం ఫోన్లో అడగడం నాకు అలవాటైంది. తప్పిన సబ్జెక్టుకి సప్లిమెంటరీ ఫీజు, మార్కుల మీద అనుమానం ఉంటే రీవాల్యుయేషన్ ఫీజు, ఇవి వేరే.

పరీక్ష ఫీజు పక్కన చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది, కండొనేషన్ ఫీజు. జేఎన్‌టీయూ హైదరాబాద్ కింద ఉన్న కాలేజీల్లో పరీక్ష రాయాలంటే 75 శాతం హాజరు ఉండాలి. 65కీ 75కీ మధ్యలో ఉంటే, అనారోగ్యం లాంటి సరైన కారణం, కాగితాలు చూపించి కండొనేషన్ ఫీజు కట్టి అనుమతి తీసుకోవాలి. 65కి తగ్గితే డబ్బు కట్టినా కుదరదు, ఆ సెమిస్టర్ మళ్ళీ చదవాల్సిందే. మూడో ఏడాదిలో మా అమ్మాయికి డెంగీ వచ్చి హాజరు 71 దగ్గర ఆగింది. హాస్పిటల్ డిశ్చార్జ్ సమ్మరీ ఫైల్లో ఉండబట్టి పని జరిగింది. మందుల బిల్లులైతే ఇన్సూరెన్స్ కోసం అందరం దాస్తాం, ఈ కాగితం కాలేజీకి కూడా కావాల్సి వస్తుందని చాలామందికి తోచదు.

అసలు లెక్క బయటికొచ్చే రోజున తేలింది. మా అమ్మాయికి ఉద్యోగంలో చేరే తేదీ ఇచ్చేశారు. కంపెనీ వాళ్ళు ప్రొవిజనల్ సర్టిఫికెట్, మార్కుల మెమోలు, టీసీ అడిగారు. అవి ఇవ్వాలంటే కాలేజీలో 'నో డ్యూస్' ఫారం నిండాలి. లైబ్రరీ, ఒక్కో ల్యాబ్, హాస్టల్, చివరికి అకౌంట్స్, అన్ని చోట్లా సంతకాలు కావాలి. చేరే తేదీ పన్నెండు రోజుల్లో ఉంది. సరిగ్గా అలాంటప్పుడే 'ఎంతిస్తే అంత పుచ్చుకుని వెళ్ళిపోదాం' అనిపిస్తుంది.

అకౌంట్స్‌లో ఒక ఓచర్ ఇచ్చి సంతకం పెట్టమన్నారు. 'డిపాజిట్ పూర్తిగా ముట్టింది' అని అచ్చు వేసి ఉంది, అంకె దగ్గర ఖాళీ. "అమ్మా, అంకె మేం వేసుకుంటాం, మీకెందుకు" అన్నాడు అక్కడి అబ్బాయి. "వేశాకే సంతకం పెడుతుంది బాబూ" అన్నాను. వేశాడు. 2,000. అయిదు వేలలో మూడు వేలు ఏమైనట్టు? ల్యాబ్ బ్రేకేజ్ 1,200, పూర్వ విద్యార్థుల సంఘం సభ్యత్వం 1,000, గ్రాడ్యుయేషన్ డే 800 అని చెప్పాడు.

మూడింటికీ మూడు కాగితాలు అడిగాను. బ్రేకేజ్‌కి ల్యాబ్‌లో రిజిస్టర్ ఉంటుంది. ఏది పగిలింది, ఏ తేదీన, ఏ బ్యాచ్, విలువెంత అని అందులో రాస్తారు. మా అమ్మాయిని వెంటబెట్టుకుని ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌కి వెళ్ళి చూస్తే, ఆమె ఉన్న ముగ్గురి జట్టు పేరు మీద ఒక మల్టీమీటర్ కాలిపోయినట్టు ఉంది, 450 రూపాయలు. అంటే ఆమె వాటా 150. మిగతాదంతా క్లాసు మొత్తానికీ సమానంగా పంచేసిన అంకె. దానికి రిజిస్టర్లో ఆధారం లేదు. పూర్వ విద్యార్థుల సంఘంలో చేరతానని ఆమె ఎక్కడా సంతకం పెట్టలేదు, ఇష్టమున్నవాళ్ళే చేరేది. గ్రాడ్యుయేషన్ డేకి మాత్రం పేరిచ్చి, గౌను వేసుకుని ఫోటోలు కూడా దిగింది. ఆ 800 న్యాయమే.

ఇవన్నీ ఒక తెల్లకాగితం మీద రాసి, మొదటి ఏడాది డిపాజిట్ రసీదు జిరాక్స్ జతచేసి ప్రిన్సిపాల్ పేరుకి ఇచ్చాం. రెండో కాపీ మీద 'అందినది' అని ముద్ర వేయించుకున్నాం. గొడవేమీ జరగలేదు. నాలుగో రోజు అంకె మార్చారు. 5,000లో 150, 800 పోగా 4,050. హాస్టల్ పదివేలలో చివరి నెల మెస్ బిల్లు 3,200 పట్టుకున్నారు. సున్నానికి 1,000 అని హాస్టల్ దరఖాస్తులో చేరేటప్పుడే అచ్చయి ఉంది కాబట్టి దాని గురించి మాట్లాడలేదు. ఖాళీ చేస్తున్నామని నెల ముందు రాసిచ్చాం గనక ఇంకో నెల అద్దె పడలేదు. వచ్చింది 5,800. మొత్తం పదిహేను వేలలో 9,850 చేతికొచ్చింది.

సర్టిఫికెట్లు పదో రోజుకి ఇచ్చారు. డబ్బు మాత్రం ఆరు వారాల తర్వాత అమ్మాయి బ్యాంకు ఖాతాలో పడింది. నో డ్యూస్‌కీ, డిపాజిట్ వాపసుకీ మధ్య ఈ ఖాళీ మామూలే. అందుకే టీసీ తెచ్చేసుకున్నాక కూడా ఆ ముద్ర వేసిన కాపీ పారేయకూడదు. ఖాతా విద్యార్థి పేరు మీదే ఉండాలంటారు, అదీ చూసుకోండి. కొన్నిచోట్ల కోర్సు ముగిసిన ఇన్ని నెలల్లోగా అడగకపోతే డిపాజిట్ ఇవ్వరని ప్రాస్పెక్టస్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. మాకు ఏడాది గడువు ఉంది.

మధ్యలో మానేసేవాళ్ళ లెక్క ఇంకో రకం. మా చెల్లెలి కొడుకు ఒక ప్రైవేటు యూనివర్సిటీలో బీఎస్సీకి చేరి, వేరేచోట సీటు రావడంతో మానేశాడు. యూజీసీ 2018లో ఇచ్చిన నిబంధనల్లో, అడ్మిషన్ల ఆఖరు తేదీకి పదిహేను రోజులు, అంతకంటే ముందే మానేస్తే ఫీజు నూరు శాతం వెనక్కివ్వాలి, అందులో ప్రాసెసింగ్ కింద కొద్దిగా పట్టుకోవచ్చు. ఆ పదిహేను రోజుల లోపలికి వస్తే 90 శాతం. ఆఖరు తేదీ దాటి పదిహేను రోజుల్లోపు 80, ముప్ఫై రోజుల్లోపు 50, ఆ తర్వాత ఏమీ రాదు. కొన్ని సంవత్సరాల్లో యూజీసీ ఇంతకంటే మంచి గడువులు ప్రత్యేకంగా ఇచ్చింది కాబట్టి మీ పిల్లలు చేరిన ఏడాదికి ఏముందో చూడాలి. ఏఐసీటీఈ కిందికొచ్చే ఇంజనీరింగ్ లాంటి కోర్సులకి వేరే నిబంధనలున్నాయి.

మావాడు ఆఖరు తేదీ దాటిన పన్నెండో రోజున రాసిచ్చాడు. కట్టింది 1,18,500. వాళ్ళు మొత్తానికి 80 శాతం వేసి 94,800 అన్నారు. కానీ ఆ శాతాలు కాషన్ డిపాజిట్‌కి వర్తించవు. పదివేల డిపాజిట్ పక్కన పెడితే ఫీజు 1,08,500, అందులో 80 శాతం 86,800. దానికి డిపాజిట్ మొత్తం కలిపితే 96,800. నిబంధన కాగితం చూపించి అడిగితే ఆ రెండు వేలూ ఇచ్చారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి తిరిగిచ్చేయాలే గానీ కాలేజీ దగ్గర పెట్టుకోకూడదని కూడా అదే నిబంధనల్లో ఉంది. వాడి టెన్త్, ఇంటర్ మెమోలు మా చెల్లెలి బీరువాలోనే ఉండటం వల్ల, డబ్బు గురించి నింపాదిగా మాట్లాడగలిగారు.

తోటికోడలికి చివరగా ఒక పని చెప్పాను. ఒక ప్లాస్టిక్ కవరు తీసి దాని మీద 'తిరిగి రావాల్సినవి' అని రాయి. అందులో డిపాజిట్ రసీదు, దాని జిరాక్స్, హాస్టల్ దరఖాస్తు కాపీ, ప్రాస్పెక్టస్‌లో వాపసు గురించి ఉన్న పేజీ పెట్టు. రసీదు మీద సిరా ఏడాదికే వెలిసిపోతుంది, ఫోన్లో ఫోటో కూడా తీసి ఉంచు. మీరు కూడా ఈ నెలలో ఎక్కడైనా ఫీజు కడుతుంటే, కౌంటర్ దగ్గర నుంచి కదలకముందే రసీదు మీద 'డిపాజిట్' అనే మాట ఉందో లేదో ఒకసారి చూసుకోండి.