రెండు నిమిషాల బల్ల

ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉన్న టేకు డైనింగ్ టేబుల్‌కి మామయ్య 62,000 చెప్పాడు. వచ్చినావిడ ఫోన్‌లో లెక్క వేసింది. "పై పలక అంగుళం మందం. అంటే ఒకటిన్నర సీఎఫ్‌టీ. 4,000 చొప్పున ఆరు వేలు. మిగతాదంతా ఏంటండీ?" అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

వీడియో చేద్దామన్నది నేనే. స్క్రిప్ట్ కూడా నేనే రాశాను. మొదటి షాట్‌లో చేతి చిత్రిక, కింద ఉంగరాలు తిరుగుతూ రాలే పొట్టు.

మామయ్య చదివి, "అది తీసెయ్యరా. మనం చిత్రిక మిషన్ మీద పడతాం కదా. చూసి వచ్చినవాడికి ఏం చూపిస్తాం?" అన్నాడు.

దాంతో ఆవిడ ప్రశ్న దగ్గర్నుంచే మళ్ళీ మొదలుపెట్టాను. చెక్క అంగుళం మందంతో తేలాలంటే అంగుళంపావు కోత కొనాలి. అక్కడే ఒకటిన్నర కాస్తా దాదాపు 1.9 అయింది. తర్వాత అంచుల్లో చేవ లేని తెల్ల చెక్క, కొసల్లో పగుళ్ళు, ముళ్ళు పోతాయి. ఆ పలక కోసం మామయ్య కొన్నది 2.6. ఆరు వేలనుకున్న చెక్కకి 10,400 అయిందన్నమాట. తీసేసిన ముక్కల్ని బల్ల పక్కనే పేర్చి తీద్దామన్నాను. దానికి ఒప్పుకున్నాడు.

రెండో షాట్‌లో ఏమీ జరగదు. గోడకి చేరేసిన చెక్కలు, తేమ మీటర్. తెచ్చినరోజు 16 శాతం చూపించింది. 12కి దిగేదాకా మూడు వారాలు షెడ్‌లో చోటు ఆక్రమించుకుని కూర్చున్నాయి. తొందరపడితే ఏమవుతుందని అడిగాను. ఆ నాలుగు శాతానికే మూడడుగుల పలక వెడల్పులో పావు అంగుళం దాకా తగ్గుతుందట, పొడవులో మాత్రం దాదాపు కదలదట. కింది ఫ్రేముకి స్క్రూలతో గట్టిగా బిగించేస్తే అది కదల్లేక, ఎండాకాలంలో ఎక్కడో ఒకచోట నిలువునా చీలుతుంది. అందుకే కింద స్క్రూ బెజ్జాలు గుండ్రంగా కాకుండా కోలగా తీస్తాడు. కొనేవాళ్ళు బల్ల కిందకి వంగి చూడరు కాబట్టి కెమెరాని అక్కడ పెట్టాం.

చివరికి కూలి దగ్గరికి వచ్చాం. "ఎన్ని రోజుల పని మామయ్యా?"

"ఆరు."

డైరీ తీసి చూశాను. కొలతలకి రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళడం, పాలిష్ రంగు నచ్చలేదంటే మళ్ళీ శాంపిల్ చేయడం, లిఫ్ట్‌లో పట్టక మెట్ల మీదుగా మోయించడం, ఇవన్నీ కలిపితే తొమ్మిది. ఆ మూడు రోజులు ఏ కొటేషన్‌లోనూ లేవు. ఇన్నేళ్ళుగా లేవు.

స్క్రిప్ట్‌లో ఆ లైను రాశాను. మామయ్య చెవి మీది పెన్సిల్ తీసి కొట్టేశాడు.

"వీడియోలో వద్దులే," అన్నాడు. కాసేపాగి, కొటేషన్ పుస్తకం తీసుకురమ్మన్నాడు.