కాసులపేరుతో పాటు అక్క ఇచ్చిన మాటలు

ఇవాళ మంగళగిరిలో మా అక్క కూతుర్ని పెళ్లికూతుర్ని చేశారు. అమ్మ నాటి కాసులపేరు దాని మెడలో వేస్తూ అక్క అందరి ముందూ ఇలా అంది:

"తల్లీ, ఇది మీ అమ్మమ్మ నాకిచ్చింది. ఇక నీది. మీ అత్తగారు అడిగినా, మీ ఆయన అడిగినా ఇవ్వడం, ఇవ్వకపోవడం నీ ఇష్టం. కాసుల కంటే ముందు వాటిని కలిపే కొంకీలు అరుగుతాయి. అప్పుడప్పుడూ ఒక్కో కాసూ పట్టి చూడు. కొంకీ సన్నబడితే అదొక్కటే మార్పించు. కంసాలికి ఇచ్చేముందు తూకం వేయించి, కాసులు లెక్కపెట్టి, ఫొటో తీసుకో. పాతదని కరిగించకు, తరుగూ పోతుంది, కొత్తదానికి మళ్లీ మజూరీ కట్టాలి. కష్టమొస్తే మాత్రం మొహమాటపడకుండా కుదువ పెట్టుకో. అందుకే ఇస్తున్నా."

పెళ్లికి పుట్టింటివాళ్లు అమ్మాయికి ఇచ్చిన బంగారం ఆమె స్త్రీధనం. దానిపై భర్తకు హక్కు లేదని, అవసరానికి వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిందేనని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మరోసారి చెప్పింది.

ఆడపిల్లకి నగ పెట్టేటప్పుడు ఈ మాట నలుగురిలో చెప్పండి. తూకం రాసిన చీటీ కూడా ఆమె చేతికే ఇవ్వండి.