తేటపడే వేళ

శ్రావణం వచ్చేసరికి గోదారి రంగు మారిపోతుంది. మా వైపు దాన్ని ‘ఎర్రనీళ్లు రావడం’ అంటారు. నా చిన్నతనంలో అమ్మమ్మ ఆ ఎర్రనీళ్లను గుండిగలో పోసి, పటిక ముక్కను వేళ్ల మధ్య పట్టుకుని గుండ్రంగా తిప్పేది. ముందు జోరుగా నాలుగైదు చుట్లు. ఆ తర్వాత చెయ్యి నెమ్మదించేది, నిద్రపోతున్న పిల్లాడి ఉయ్యాల ఊపుతున్నట్టు. ముక్క తీసి కిటికీలో పెట్టేసి, “కదపకండర్రా, నీళ్లు తేరుకుంటున్నాయి” అనేది. ఎప్పుడైనా చుట్లు ఎక్కువైతే నీళ్లు వగరుగా ఉండేవి. మోతాదు మించిందని ఆ వగరే ఆవిడకి చెప్పేది.

ఇప్పుడు నేను చేసే పని కూడా అదే. ఊరికి నీళ్లిచ్చే ఫిల్టర్ బెడ్లలో కెమిస్టుని. గుండిగ బదులు ఆరు గాజు జాడీలు, అమ్మమ్మ చేతి బదులు ఆరు రేకుల్ని ఒకే వేగంతో తిప్పే మోటారు. దీన్ని జార్ టెస్ట్ అంటాం. ఈరోజు ఈ నీటికి ఎంత పటిక కావాలో ఆ నీటినే అడిగి తెలుసుకోవడం అన్నమాట. నిన్నటి లెక్క ఇవాళ పనికిరాదు. పైన ఎక్కడో వాన పడితే రాత్రికి రాత్రే నీరు మారిపోతుంది.

అసలు బురద తనంతట తాను ఎందుకు దిగదు? ఇసుక దిగుతుంది. బంకమట్టి దిగదు. వెయ్యి రేణువులు పక్కపక్కన పేరిస్తే ఒక మిల్లీమీటరు అయ్యేంత సన్నటి మట్టి రేణువు నిశ్చలమైన నీటిలో రోజుకి ఎనిమిది సెంటీమీటర్లు దిగితే గొప్ప. దానికన్నా పదోవంతు చిన్నదైతే మీటరు లోతు దిగడానికి మూడేళ్లు దాటుతుంది. నాలుగు రేణువులు కలిసి బరువెక్కితే దిగుతాయి కదా అనిపిస్తుంది. కానీ ప్రతి రేణువు ఒంటి మీదా రుణావేశం ఉంటుంది. అందరిదీ ఒకే ఆవేశం కాబట్టి దగ్గరికి వచ్చినప్పుడల్లా ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. బురదనీరంటే నాకు కనిపించేది అదే: ఒకే చోట తిరుగుతూ, ఒకరినొకరు అంటుకోని లక్షల రేణువులు.

పటికలోని అల్యూమినియం ధనావేశంతో వచ్చి ఆ తోపులాటను చల్లారుస్తుంది. అంతేకాదు, నీటితో కలిసి జిగురులాంటి తెల్లని పొరగా మారి, దిగుతూ దిగుతూ దారిలో దొరికిన మట్టినల్లా పట్టుకుపోతుంది. పటిక ఇలా మారడం నీటిలో పడ్డ కొద్ది క్షణాల్లోనే జరుగుతుంది. అందుకే మొదట జోరుగా కలపాలి. ఆలస్యమైతే పటిక పడ్డచోటే ఖర్చయిపోయి, పక్కనున్న నీటికి అందదు.

మొన్న అర్ధరాత్రి ఆపరేటరు ఫోను చేసి, “మేడం, నీళ్లు చిక్కబడ్డాయండీ” అన్నాడు. వెళ్లి చూస్తే టర్బిడిటీ 180 ఎన్‌టీయూ. క్షారత లీటరుకి 90 మిల్లీగ్రాములు. లీటరు నీటిలో పది గ్రాముల పటిక కరిగించుకుంటే, ఆ ద్రావణం ఒక మిల్లీలీటరులో పది మిల్లీగ్రాములు ఉంటుంది. కాబట్టి లీటరేసి నీళ్లు పోసిన ఆరు జాడీలకు రెండు నుంచి ఏడు మిల్లీలీటర్ల దాకా వరసగా చిన్న కప్పుల్లో సిద్ధం చేసి, ఆరింటిలోనూ ఒకేసారి పోశాను. అంటే 20 నుంచి 70 మిల్లీగ్రాముల దాకా. నిమిషంసేపు నిమిషానికి వంద చుట్ల వేగం. తర్వాత ముప్పైకి తగ్గించి ఇరవై నిమిషాలు.

ఆ ఇరవై నిమిషాలు నేను కుర్చీలోంచి లేవను. మూడు నాలుగు నిమిషాలకి నాలుగో జాడీలో ఏదో మారుతుంది. రంగు మారదు, నీరు ముక్కలవుతుంది. పాలు విరిగేటప్పుడు తునకల మధ్య పచ్చటి నీరు కనిపించినట్టు, మట్టి తునకల మధ్య తేటనీటి సందులు కనిపిస్తాయి. చుక్కలు తునకలవుతాయి, తునకలు నలిగిన అటుకులంతవుతాయి. వీటినే మేం ఫ్లాక్ అంటాం. ఆ సమయంలో తొందరపడి వేగం పెంచితే అవి చిట్లిపోతాయి, ఒకసారి చిట్లినవి మళ్లీ మొదటంత గట్టిగా కట్టవు. మరీ ఆపేస్తే రేణువులు కలుసుకునే అవకాశమే ఉండదు. అమ్మమ్మ చెయ్యి నెమ్మదించడానికి కారణం నాకు తెలిసింది ఇక్కడే.

మోటారు ఆపి అరగంట వదిలేశాను. పైనుంచి రెండంగుళాల లోతున నీరు తీసి కొలిస్తే, ఇరవై జాడీలో 38, ముప్పైలో 17, నలభైలో 7, యాభైలో 3.5, అరవైలో 3.2, డెబ్భైలో 4.6. డెబ్భైలో మళ్లీ పెరగడం మీద కాసేపు ఆగాలి. అక్కడ ఫ్లాక్ తక్కువేమీ లేదు, ఉబ్బి దూదిలా తేలుతోంది, దిగే బరువు లేదు. యాభైకీ అరవైకీ తేడా 0.3 మాత్రమే. దానికోసం పది మిల్లీగ్రాములు పెంచితే మడ్డి పెరుగుతుంది, నీటిలో మిగిలే అల్యూమినియం పెరుగుతుంది. మిగిలిన 3.5ని ఫిల్టర్లు తీసేస్తాయి. యాభై ఖాయం చేశాను. రోజుకి కోటి లీటర్లు నడిచే మా ప్లాంటుకి అది ఐదు వందల కిలోల పటిక. ఒక మిల్లీగ్రాము పటిక దాదాపు అర మిల్లీగ్రాము క్షారతను తింటుంది కాబట్టి 25 పోయినా 65 మిగులుతుంది. నీరు పుల్లబడదు.

ఆ ఆఖరి లెక్క నేను మర్చిపోయిన రోజొకటుంది. ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు, మన్యం వైపు ఒక చిన్న స్కీములో పనిచేశాను. కొండవాగు నీరు, అందులో క్షారత పాతికే. వానకి బురద వచ్చింది. ముప్పై వేశాను, కొంచెం ఫ్లాక్ కట్టింది. అరవై వేస్తే ఇంకా బాగుంటుందనుకున్నాను. ఫ్లాక్ మాయమైంది. ఎనభై వేశాను, నీరు పాలవెన్నెలలా తెల్లబడి అలాగే ఉండిపోయింది. పీహెచ్ చూస్తే అయిదు కిందికి జారింది. అరవై మిల్లీగ్రాములకే ముప్పై క్షారత కావాలి, నీటి దగ్గర పాతికే ఉంది. అల్యూమినియం జిగురుగా మారడానికి తోడు లేక కరిగి ఉండిపోయింది. నేను పెంచుతున్నకొద్దీ అదే ఎక్కువవుతోంది. ఒక జాడీలో కాస్త సున్నపునీరు వేసి తిరిగి అరవై వేస్తే, నా కళ్ల ముందే తునకలు కట్టాయి. అప్పటినుంచి పటిక సీసా ముట్టుకునే ముందు క్షారత కొలుస్తాను.

ఇంకో విషయం చాలామంది నమ్మరు. వేసవిలో గోదారి అద్దంలా ఉన్నప్పుడు, టర్బిడిటీ ఎనిమిదో పదో ఉన్నప్పుడు, మా పని వరదకన్నా కష్టం. రేణువులు తక్కువ, ఒకదానికొకటి ఎదురుపడడమే అరుదు. ఆ నీటిలో ఫ్లాక్ కట్టించడానికి ఇంకా ఎక్కువసేపు నెమ్మదిగా తిప్పాలి. ఒక్కోసారి నిన్నటి మడ్డిని కొద్దిగా కలుపుతాం, రేణువులకు తోడు దొరకాలని.

మొన్న రాత్రి బోర్డు మీద యాభై అని రాసి, పటిక పంపు సరిచేయించాను. జాడీలో తేలినదంతా ప్లాంటులో అలాగే తేలాలని లేదు, అందుకని మూడు గంటలు ఆగి క్లారిఫయర్ గట్టు మీదికి వెళ్లాను. తెల్లవారుతోంది. కాలువలోంచి వస్తున్న నీరు ఇంకా ఇటుక రంగులోనే ఉంది. అంచున పారుతున్న పొరలో మాత్రం అడుగున ఉన్న మెట్లు కనిపిస్తున్నాయి. ఒకటి, రెండు, మూడు. ఆపరేటరు పక్కకొచ్చి నాలుగోది కూడా చూపించాడు.