ఒకే వీడియో, నాలుగు చోట్ల నాలుగు రకాల పేరు

మన గ్రూపులో చాలామంది ఊరి వీడియోలు తీస్తున్నారు. బాగా తీస్తున్నారు కూడా. కానీ ఒకే పేరు, ఒకే ఇరవై హ్యాష్‌ట్యాగులు కాపీ కొట్టి యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, వాట్సాప్ అన్నిట్లో పడేస్తున్నారు. మా మావయ్య మీద తీసిన వీడియోకి నేను, నా రూమ్మేట్లు ఒక్కో చోటికి ఒక్కోలా రాశాం. ఎందుకలా రాశామో చెబుతాను. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మాది దివిసీమ. మేం యానాదులం. మా మావయ్య వరి చేలల్లో ఎలుకల బుట్టలు పెడతాడు. బుట్ట మూతి దగ్గర వెదురు బద్దని విల్లులా వంచి కడతాడు, లోపల ఎర పెడతాడు. ఎలుక ఎర ముట్టగానే బద్ద విడిపోయి దారం బిగుస్తుంది. సార్వా వరి పొట్ట దశకి వచ్చేసరికి ఆయనకి చేతినిండా పని ఉండేది. ఇప్పుడు చాలామంది రైతులు జింక్ ఫాస్ఫైడో, బ్రోమడయోలోనో తెచ్చి కన్నాల్లో పెట్టుకుంటున్నారు. బుట్ట పెట్టే మనిషి ఇంకా ఉన్నాడన్న సంగతే కుర్ర రైతులకి తెలియదు. ఈ వీడియో వాళ్లకి చేరాలి. అదీ మా పని.

వీడియో నిలువుగా తీశాం, 2 నిమిషాల 40 సెకన్లు. మూడు నిమిషాలు దాటకుండా కావాలనే ఆపాం. 2024 అక్టోబరు 15 నుంచి యూట్యూబ్ మూడు నిమిషాల దాకా ఉన్న నిలువు వీడియోని షార్ట్‌గా తీసుకుంటోంది. 2025 జనవరిలో ఇన్‌స్టాగ్రామ్ కూడా రీల్‌ని మూడు నిమిషాల దాకా పెంచింది. అంటే ఒకే ఫైలు రెండు చోట్లా కోయకుండా సరిపోతుంది.

ఇక పేరు. తిరువూరు వైపు నుంచి వచ్చిన మా సుగాలీ తమ్ముడు ఫోనులో ఇలా కొట్టి చూపించాడు:

"ఎలుకలు పట్టే యానాది మావయ్య వరి పొలంలో బుట్ట ఎలా పెడతాడో చూడండి దివిసీమ కృష్ణా డెల్టా పంట రక్షణ"

చదివితే బాగానే ఉంది. మనం లెక్కపెడితే 41 అక్షరాలు, మధ్య ఖాళీలు కలిపితే 55. యూట్యూబ్ పేరుకి 100 దాకా ఒప్పుకుంటుంది కదా, సగమే వాడాం అనుకుంటాం. కానీ పెట్టె కింద అంకె చూస్తే 94. ఎందుకంటే మిషను మనలా అక్షరాలు లెక్కపెట్టదు. గుణింతం గుర్తుకి ఒకటి, పొల్లుకి ఒకటి, ఒత్తుకి ఒకటి విడిగా వేసుకుంటుంది. "కృష్ణా" మనకి రెండు అక్షరాలు. దానికి ఆరు: క, వట్రసుడి, ష, పొల్లు, ణ, దీర్ఘం. "స్త్రీ" మనకి ఒక్క అక్షరం, దానికి అదీ ఆరే. కాబట్టి తెలుగులో పేరు రాసేటప్పుడు 100 అంటే మన లెక్కలో యాభై, అరవై అనుకుని మొదలుపెట్టండి. ఎక్స్‌లో ఉన్న 280 కూడా ఇలాగే కరుగుతుంది.

అసలు సమస్య ఆ 94 కాదు. 94 పట్టింది, ఎర్ర గీత రాలేదు. వీడియోని ముందు Unlisted గా పెట్టి వేరే ఫోనులో తెరిచి చూశాం. షార్ట్స్‌లో పేరు వీడియో అడుగున చిన్నగా పడుతుంది, పొడుగైతే చివర మూడు చుక్కలు. మనం కష్టపడి రాసిన "పంట రక్షణ" ఆ చుక్కల అవతల ఉండిపోయింది. స్క్రీను మీద మిగిలేది మొదటి మాటలే: ఎలుకలు పట్టే యానాది...

అది చూసి ముగ్గురం కాసేపు మాట్లాడలేదు. మా ఇంట్లో ఆ మాట తిట్టు కాదు, మావయ్య పని అది. కానీ బడిలో అదే మాటతో నన్ను పిలిచినవాళ్లు ఉన్నారు. ఇక్కడ చదివేవాళ్లలో చాలామందికి మీ మీ పేర్లతో ఇలాంటి మాట ఒకటి ఉండే ఉంటుంది. ఎక్కడ తెగుతుందో చూసుకోకుండా పేరు రాస్తే, మన వీడియో మీద మన చేత్తోనే ఆ మాట అచ్చయి తిరుగుతుంది. వీడియోలో మావయ్య ఎంత బాగా చెప్పినా సరే, దాన్ని తెరవకుండా దాటిపోయే మనిషికి ఆ మూడు మాటలే మిగులుతాయి.

అందుకని వెనక నుంచి రాశాం. ముందు ఎవరు వెతుకుతారో ఆలోచించాం. యూట్యూబ్‌లో రైతు వచ్చేది వెతుకుడు పెట్టెలోంచి. అతను "యానాది" అని కొట్టడు, "మావయ్య" అని అసలే కొట్టడు. "వరిలో ఎలుకల నివారణ" అని కొడతాడు. వ్యవసాయ పేజీల్లో అతను రోజూ చూసే మాట అది. ఆ మాట మొదట పెట్టి, పని ఎవరిదో వెంటనే చెప్పాం:

"వరిలో ఎలుకల నివారణ: యానాదుల బుట్ట పెట్టే పద్ధతి, దివిసీమ"

లెక్క 56. ఎక్కడ తెగినా అవమానం మిగలదు. "వరిలో ఎలుకల నివారణ" దగ్గర ఆగినా అర్థం ఉంది, "యానాదుల బుట్ట" దగ్గర ఆగినా ఉంది. మీరూ పేరు రాశాక కుడివైపు నుంచి ఒక్కో మాట వేలితో మూస్తూ చదవండి. ఏ మెట్టు దగ్గరైనా మిగిలిన ముక్క చెడ్డగా వినిపిస్తే మాటల వరస మార్చండి.

వాట్సాప్‌కి విడిగా పేరు ఉండదు. యూట్యూబ్ లింకు పంపితే బొమ్మ పక్కన కనపడేది యూట్యూబ్ పేరే. పైగా ఆ బొమ్మా పేరూ మనం పంపిన నిమిషంలో ఎలా ఉన్నాయో అలాగే మెసేజిలో ఉండిపోతాయి. తర్వాత యూట్యూబ్‌లో పేరు మార్చుకోవచ్చు గానీ, అప్పటికే పది గ్రూపులకి వెళ్లిన మెసేజి పాత పేరుతోనే తిరుగుతుంది. అందుకని పేరు ఖాయమయ్యేదాకా లింకు ఎవరికీ పంపలేదు. మా ఊరి గ్రూపుకి పంపినప్పుడు లింకు పైన ఒక్క ముక్క రాశాను: "మన మావయ్య బుట్ట పెట్టడం, చూడండి." వాళ్లకి నివారణలు, పద్ధతులు అక్కర్లేదు.

ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్‌కి పేరు పెట్టె లేదు, క్యాప్షనే పేరు. 2200 దాకా రాయొచ్చు, కానీ నొక్కకుండా కనపడేది మొదటి ముక్క మాత్రమే. అక్కడ ఎవరూ వెతుక్కుంటూ రారు, వేలితో తోసుకుంటూ వస్తారు. కాబట్టి నివారణ అని మొదలుపెడితే మందుల కంపెనీ ప్రకటన అనుకుని తోసేస్తారు. "ఈ బుట్టలో మేకు లేదు, స్ప్రింగు లేదు" అని మొదలుపెట్టాం. నిజం కూడా అదే.

హ్యాష్‌ట్యాగుల దగ్గర మాకు సరదా అయింది. పెట్టేముందు ఒక్కోటి వెతుకుడులో కొట్టి చూశాం. #tribal కొడితే పచ్చబొట్లు. #Krishna కొడితే మన నది కాదు, కృష్ణుడి బొమ్మలు, భజనలు. చింతూరు వైపు నుంచి వచ్చిన కోయ అన్న #Koya కొట్టి చూస్తే నీలం రంగు కోలా బొమ్మ, కొరియా పాటల గుంపు తాలూకుది. సుగాలీ తమ్ముడు #lambada కొట్టాడు, బ్రెజిల్ డాన్సు వచ్చింది. ఆ రాత్రి వార్డెన్ వచ్చేదాకా నవ్వాం. నవ్వులాట పక్కన పెడితే, అలాంటి ట్యాగు తగిలిస్తే మన వీడియో పచ్చబొట్ల మధ్యలో పోయి కూర్చుంటుంది. చివరికి ఇన్‌స్టాగ్రామ్‌కి నాలుగే ఉంచాం: #Yanadi #యానాది #KrishnaDelta #ఎలుకలబుట్ట. చివరిది కలిపి రాశాం, ఎందుకంటే మధ్యలో ఖాళీ వదిలితే ట్యాగు "ఎలుకల" దగ్గరే ఆగిపోతుంది.

యూట్యూబ్‌కి వివరణలో మూడే రాశాం, పేరు దగ్గర చూపించేది మూడు దాకానే. అరవై దాటితే అది ఒక్కటీ లెక్కలోకి తీసుకోదు, అన్నీ వదిలేస్తుంది. వైరల్, ట్రెండింగ్ అని వరసగా అంటించేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

ఫేస్‌బుక్‌లో ఉండేది మన బాబాయిలు, ఊరి టీచర్లు, ఊళ్లో రైతులు. ఇన్‌స్టాగ్రామ్ నుంచి దానంతటదే ఫేస్‌బుక్‌కి వెళ్లే స్విచ్ ఉంది గానీ ఆపేశాం. అలా వెళ్తే అక్కడి క్యాప్షనే ట్యాగులతో సహా ఇక్కడికీ వస్తుంది. విడిగా పెట్టి, నాలుగు వాక్యాలు నిదానంగా రాశాం: ఏ దశలో పెడతారు, గట్టు మీద ఎక్కడ పెడతారు, ఎంతమంది కావాలి. హ్యాష్‌ట్యాగు ఒకటే. ఇక్కడ పెట్టిన లింకు నొక్కితే తెరుచుకుంటుంది. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్లో లింకు వట్టి రాతే. షార్ట్స్ వివరణలోనూ 2023 ఆగస్టు చివరి నుంచి అంతే. ఆ రెండు చోట్లా లింకు పెట్టి "కింద నొక్కండి" అంటే ఎవరూ ఎక్కడికీ పోలేరు. అందుకని అక్కడ "పని కావాలంటే కామెంటు పెట్టండి" అని రాశాం. మావయ్య నంబరు ఎక్కడా వేయలేదు. ఆయనది బటన్ల ఫోను, రాత్రీపగలూ మోగితే మనిషి నిద్రపోడు.

ఇంకొకటి. ఒక యాప్‌లో పెట్టిన వీడియోని మళ్లీ డౌన్‌లోడ్ చేసి ఇంకో దాంట్లో పెట్టకండి. వేరే యాప్ ముద్ర ఉన్న రీల్స్‌ని కొత్తవాళ్లకి తక్కువ చూపిస్తామని ఇన్‌స్టాగ్రామ్ 2021లోనే చెప్పింది. ఎడిట్ అయిన అసలు ఫైలు ఫోనులో దాచుకుని అన్నిటికీ అదే వాడండి. వాట్సాప్‌లో పంపుకుని తీసుకున్న ఫైలు కూడా వద్దు, నాణ్యత పడిపోతుంది.

యూట్యూబ్ కింద మోపిదేవి వైపు రైతు ఒకాయన "మా చేలో పెడతారా, ఎకరానికి ఎన్ని కావాలి" అని అడిగారు. మా బావ జవాబు రాసి, విడిగా మాట్లాడుకుని, మావయ్యని తీసుకెళ్లాడు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకడు నవ్వు బొమ్మలు పెట్టి "తింటారా?" అని అడిగాడు. తీసేద్దామా అని మావయ్యకి ఫోను చేశాను. "తింటాం అని రాయి. చేలో గింజ తిన్న ఎలుకేగా, దాచేదేముంది" అన్నాడు. అలాగే రాశాను. ఆ కామెంటు ఇంకా ఉంది, దాని కింద మనవాళ్లు వాళ్ల వాళ్ల ఊళ్లలో ఎలా వండుతారో రాస్తున్నారు.

కోయ అన్న ఇప్పుడు తన ఊరి వీడియోకి పేరు వెతుకుతున్నాడు. #Koya ఎలాగూ పనికిరాదు. మీ తెగ పేరు కొడితే వెతుకుడులో ఏం వస్తుందో, ఏ స్పెల్లింగు మనవాళ్లు ఎక్కువ వాడుతున్నారో చూసి కింద రాయండి. ఒక జాబితా చేసి పిన్ చేద్దాం.