రెండో నంబరు కార్డు

మా ఫోటోగ్రఫీ క్లబ్బు బీరువాలో ఒక అట్ట ఫైలు ఉంది. షూట్‌కి వెళ్ళినప్పుడల్లా అందులోంచి ఒక కాగితం తీసి నింపాలి. ఎడమవైపు "పోయింది", కుడివైపు "వచ్చింది" అని రెండు గడులు. కెమెరాలు, లెన్సులు, బ్యాటరీలు, చార్జర్లు, మెమరీ కార్డులు ఒక్కొక్కటీ ఒక్కో వరుస. మా వాళ్ళు దీన్ని రేషన్ షాపు లిస్టు అంటారు. "ఫోటోలు తీసేదానికి పోతన్నామా, బియ్యం తూకానికి పోతన్నామా?" అని ఎగతాళి. పోయిన సంవత్సరం అనుమసముద్రంపేట గంధం రాత్రికి వెళ్ళొచ్చాక ఆ ఎగతాళి కొంచెం తగ్గింది. ఎందుకు తగ్గిందో చెప్తాను.

ఏఎస్ పేట అంటే మన జిల్లాలో తెలియని వాళ్ళు ఉండరు. నెల్లూరు నుంచి సంగం, ఆత్మకూరు మీదుగా పోవాలి. అక్కడి ఖాజా నాయబ్ రసూల్ దర్గాకి ముస్లిములూ వస్తారు, హిందువులూ వస్తారు. ఉరుసు చాంద్రమాన లెక్కలో వస్తుంది కాబట్టి మన క్యాలెండర్లో ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది. గంధం రాత్రి మాత్రం ఒక్కటే. ఆ రాత్రి తీయలేకపోతే మళ్ళీ ఏడాది ఆగాల్సిందే. ఊరేగింపు వాళ్ళని "ఇంకోసారి రండి" అని అడగలేం కదా.

మేము తీసుకెళ్ళింది ఒకే మోడల్ కెమెరాలు రెండు, లెన్సులు మూడు, బ్యాటరీలు ఆరు, చార్జర్లు రెండు, 64 జీబీ కార్డులు ఐదు. ఇందులో ముందు ఆలోచించాల్సింది చార్జర్ల గురించి. మా కెమెరా బ్యాటరీ పూర్తిగా ఎక్కాలంటే రెండున్నర గంటలు పడుతుంది. చార్జరులో ఒకసారికి ఒకటే పడుతుంది. ఆరు బ్యాటరీలు, రెండు చార్జర్లు అంటే ఒక్కో దానికి మూడు వంతులు, మొత్తం ఏడున్నర గంటలు. ఒక్క చార్జరే ఉంటే పదిహేను గంటలు. అంటే సాయంత్రం బయల్దేరే బండికి ఉదయమే ప్లగ్గు పెట్టాలి. ఉరుసు రోజుల్లో పేటలో దొరికే గదిలో ఒకటే సాకెట్ ఉంటుంది, దానికి నలుగురి ఫోన్లు వేలాడుతుంటాయి. అక్కడ చార్జింగ్ దొరుకుతుందని నమ్ముకోకూడదు. ఇంకొకటి, మా చార్జరుకి కరెంటు వైరు విడిగా ఉంటుంది. అందుకే కాగితంలో చార్జరు ఒక వరుస, దాని వైరు ఇంకో వరుస. చార్జరు వచ్చి వైరు గదిలోనే ఉండిపోతే వచ్చిన చార్జరుతో ఏం చేస్తాం?

ఏ బ్యాటరీ నిండుగా ఉంది, ఏది అయిపోయింది అన్నది చీకట్లో జేబులో చెయ్యి పెడితే తెలియదు. మా బ్యాటరీల మూతకి ఒక చిన్న కిటికీలాంటి రంధ్రం ఉంటుంది. మూతని ఒకవైపు పెడితే ఆ రంధ్రంలోంచి నీలం రంగు కనపడుతుంది, తిప్పి పెడితే కనపడదు. నీలం కనపడితే నిండింది, కనపడకపోతే అయిపోయింది. కంపెనీ వాడు దానికోసమే అలా చేశాడు గానీ, మూతలు పారేసుకునే వాళ్ళకి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. కెమెరా మెనూలో Battery info లోకి వెళ్తే Recharge performance అని మూడు గీతలు కనపడతాయి. ఒక్క గీతే, అదీ ఎర్రగా ఉంటే ఆ బ్యాటరీ ముసలిదయినట్టు. వంద శాతం చూపించి కూడా తొందరగా పడుకుంటుంది. అలాంటిది మాకు ఒకటి ఉంది. దాన్ని పేటకి తీసుకెళ్ళాం గానీ లెక్కలో ఐదే అని రాసుకున్నాం.

ఇక కార్డులు. ఒకటో కెమెరాకి 1, 2, 3 నంబర్లు, రెండో కెమెరాకి 4, 5. కాగితంలో కార్డు వరుసల కింద ఇంకో గడి ఉంటుంది. కెమెరా బయల్దేరేటప్పుడు ఒక ఫోటో తీసి, దాని ఫైలు నంబరు రాయాలి. తిరిగొచ్చాక చివరి ఫోటో నంబరు రాయాలి. మా సీనియర్లు పెట్టిన గడి అది. అదెందుకో చాలామందికి అర్థం కాక ఖాళీగా వదిలేసేవాళ్ళు. ఆ రోజు మాత్రం నింపాం. ఒకటో కెమెరా బయల్దేరింది IMG_4211 తో.

పేటలో మాకు సాయం వచ్చిన అన్న ఒకాయన ఉన్నాడు. ఉదయగిరి వైపు స్టూడియో నడుపుతాడు. ఆయనదీ అదే మోడల్ కెమెరా, అదే కంపెనీ 64 జీబీ కార్డులు. ఎక్కడ నిలబడాలో, ఎవరిని అనుమతి అడగాలో, ఎక్కడ కెమెరా దించెయ్యాలో ఆయనే చెప్పాడు. రాత్రి పదింటికి టీ కొట్టు దగ్గర కూర్చున్నప్పుడు పక్క బెంచీ మీద ఒక కుటుంబం ఉంది. ముసలామె, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. కెమెరా చూసి ఆమె అడిగింది.

"ఒక ఫోటో తియ్యి నాయనా, అందరం పడేటట్టు. మావాడు రేపు మద్రాసు పొయ్యి కువైట్ విమానం ఎక్కతాడు. మళ్ళా రెండేళ్ళకు గానీ రాడు. అప్పటికి నేను ఉంటానో లేదో."

మావాడు ఆరు ఫోటోలు తీశాడు. కోడలి ఫోను నంబరు, ఇంటి అడ్రసు రాసుకున్నాడు. అప్పటికి కెమెరాలో ఉన్నది రెండో నంబరు కార్డు. ఊరేగింపు మొదలయ్యే ముందు కొత్త కార్డు వెయ్యడం మా పద్ధతి. కార్డు నిండనక్కర్లేదు. ఒక ఘట్టానికి ఒక కార్డయితే, ఒకటి చెడిపోయినా రాత్రంతా పోదు. అలా రెండో కార్డు తీసి టీ బల్ల మీద పెట్టి, మూడోది వేశాడు.

తెల్లవారుజామున గదికి చేరి లెక్క చూశాం. కార్డుల పర్సులో ఐదు అరలు, ఐదు కార్డులు. మా జూనియర్ తమ్ముడు లెక్కపెట్టి ఐదూ వచ్చాయని టిక్కు పెట్టాడు. ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేస్తే ఒకటి ఖాళీగా ఉంది. "ఇది వాడినట్టు లేదన్నా" అన్నాడు. అదీ నమ్మదగ్గ మాటే. అందరం నిద్ర కళ్ళతో ఉన్నాం.

కాగితంలో ఒక్క గడి మిగిలింది, చివరి ఫోటో నంబరు. ఒకటో కెమెరాలో అది IMG_5630. మొదటిది 4211. అంటే మొత్తం 1420 ఫోటోలు ఉండాలి. ఫోల్డర్లో చూస్తే మొదటి కార్డులో 4211 నుంచి 4988 దాకా, 778 ఉన్నాయి. మూడో కార్డులో 5217 నుంచి 5630 దాకా, 414 ఉన్నాయి. రెండూ కలిపితే 1192. మధ్యలో 4989 నుంచి 5216 దాకా లేవు. 228 ఫోటోలు.

ఈ లెక్క ఎలా పనిచేస్తుందంటే, కెమెరాలో File numbering అన్న చోట Continuous అని పెడితే, కార్డు మార్చినా నంబరు ఆగదు, కిందటి ఫోటో నుంచి ముందుకే పోతుంది. Auto reset పెడితే ప్రతి కొత్త కార్డుకీ 0001 నుంచి మొదలవుతుంది, అప్పుడు ఏది పోయిందో నంబర్లు చెప్పలేవు. దీనికి రెండు షరతులున్నాయి. కార్డులు బయల్దేరే ముందే ఫార్మాట్ చేసుండాలి, ఎందుకంటే పాత ఫోటోలున్న కార్డు వేస్తే కెమెరా ఆ పాత నంబరు పట్టుకుని దూకొచ్చు. అక్కడ ఎవరూ ఫోటోలు డిలీట్ చెయ్యకూడదు, చేస్తే ఆ ఖాళీ కూడా పోయిన కార్డులాగే కనపడుతుంది. ఒకటీ అరా లేకపోతే డిలీట్ అనుకోవచ్చు. వరసగా 228 లేకపోతే అది కార్డే.

మరి పర్సులో ఐదు ఎలా ఉన్నాయి? ఆ ఖాళీ కార్డు తిప్పి చూశాం. దాని మీద నంబరు లేదు. ఒకటో కెమెరా కార్డు తలుపు తీసి టార్చి వేస్తే లోపల ఒక చిన్న కాగితం ముక్క, దాని మీద "2". మా కార్డుల నంబర్లు కాగితం స్టిక్కర్ల మీద ఉండేవి. కెమెరా వేడికి జిగురు వదిలి రెండో కార్డు స్టిక్కరు లోపలే ఊడిపోయింది. నంబరు లేని మా కార్డు, నంబరే లేని అన్న కార్డు ఒకే బల్ల మీద పక్కపక్కన ఉన్నాయి. ఆయన తనది అనుకుని మాది తీసుకున్నాడు. మావాడు మాది అనుకుని ఆయనది పర్సులో పెట్టాడు. ఐదు పోయి ఐదే వచ్చాయి. మొత్తం సరిపోయింది, వస్తువు మారిపోయింది.

ఆయన టీ కొట్టు దగ్గర చెప్పిన ఇంకో మాట అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున ఏడింటికి పెళ్ళి ఆర్డరుందని, దానికి కార్డు ఫార్మాట్ చేసి రెడీగా పెట్టుకున్నానని అన్నాడు. పెళ్ళికి పోయే ఏ ఫోటోగ్రాఫరయినా కార్డు వెయ్యగానే అలవాటుకొద్దీ ఇంకోసారి Format card నొక్కుతాడు. నొక్కినా వెంటనే అంతా పోదు. కెమెరాలో మామూలు ఫార్మాట్ చెరిపేది ఫైళ్ళ జాబితానే, ఫోటోల సమాచారం కార్డులోనే ఉంటుంది, సాఫ్ట్‌వేర్‌తో వెనక్కి తీయొచ్చు. కానీ దాని మీద తలంబ్రాలు, అప్పగింతలు తీసేస్తే అడుగున ఉన్నది చెరిగిపోతుంది. అప్పుడు ఎవరూ ఏమీ చెయ్యలేరు.

టైము ఐదున్నర. రెండుసార్లు ఫోను మోగి ఆగింది. మూడోసారి ఎత్తాడు.

"ఏంది తమ్ముడూ ఈ పొద్దున?"

"అన్నా, బ్యాగులో ఉండే కార్డు కెమెరాలో వెయ్యబాకన్నా. అది మాది. ఒకసారి తీసి దాని పక్కన ఉండే తాళం మీట కిందికి జరుపు."

ఆయన ఏమీ అడగలేదు. మీట కిందికి జరిపితే కెమెరా దాని మీద రాయలేదు, చెరపలేదు. రెండు నిమిషాలకి ఆయనే ఫోను చేసి, "జరిపినా. చూసినా కూడా. మీ ముసలామె ఉంది ఇందులో" అన్నాడు. పెళ్ళికి వేరే కార్డు వాడుకున్నాడు. మావాళ్ళిద్దరు బస్సెక్కి పోయి ఆయన కార్డు ఇచ్చి మాది తెచ్చుకున్నారు. IMG_5102 నుంచి IMG_5107 దాకా ఆరు ఫోటోలూ ఉన్నాయి. నాలుగోదాంట్లో ముసలామె కెమెరా వైపు కాకుండా కొడుకు వైపు చూస్తోంది. కోడలి ఫోనుకి ఆరూ పంపాం. అప్పటికి కొడుకు మద్రాసు దారిలో ఉన్నాడట. నాలుగోది ప్రింటు వేయించి పోస్టులో కూడా పంపాం.

తర్వాత కాగితంలో మూడు మార్పులు చేశాం. కార్డుల మీద స్టిక్కర్లు పీకేసి చెరగని మార్కరుతో నంబరు, కాలేజీ పేరు పొడి అక్షరాలు రాశాం. "కార్డులు: 5" అన్న ఒక్క వరుస తీసేసి ఐదు వరుసలు చేశాం, ఒక్కో నంబరుకి టిక్కు పెట్టిన వాళ్ళ సంతకం విడివిడిగా. వాడిన కార్డుని పర్సులో ముఖం లోపలికి, తాళం మీట కిందికి పెట్టాలని రాశాం. ఖాళీదయితే నంబరు పైకి కనపడాలి. బల్లల మీద కార్డు పెట్టకూడదని వేరే రాయలేదు. అది ఇప్పుడు మా క్లబ్బులో అందరికీ తెలుసు.

ఈ ఏడాది బయల్దేరేటప్పుడు జూనియర్ తమ్ముడు కాగితం పట్టుకుని కెమెరాతో గోడ మీదకి ఒక ఫోటో తీసి, నంబరు రాశాడు. ఆ గోడ ఫోటోలో ఏమీ లేదు, బీరువా అంచు, సగం స్విచ్ బోర్డు. దాన్ని డిలీట్ చెయ్యనివ్వలేదు.