‘రేటు కొంచెం పెంచుతున్నాం’ మెసేజీని నోటీసుగా మార్చడం

న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల భోజనం బాక్సులు అమ్మే చిన్న తెలుగు వ్యాపారాల్లో ధర పెంపు కబురు చాలావరకు వాట్సాప్‌లోనే వెళ్తుంది. వంటా ప్యాకింగూ ముగించుకుని, డెలివరీకి బయల్దేరే ముందు యజమాని ఫోన్లో కొట్టే నాలుగు ముక్కలే ఆ కబురు. అలాంటి మెసేజీ ఒకటి ఉదాహరణకు తీసుకుంటే ఇలా ఉంటుంది:

‘గైస్, నెక్స్ట్ వీక్ నుంచి బాక్స్ రేటు కొంచెం పెంచుతున్నాం. 11 ఉన్నది 13 అవుతుంది. మంత్లీ వాళ్లకి కూడా. డెలివరీ 2 ఎక్స్‌ట్రా. బియ్యం, నూనె అన్నీ పెరిగిపోయాయి, సారీ అండి, ప్లీజ్ అర్థం చేసుకోండి.’

భాష సంగతి తర్వాత. ముందు చూడాల్సింది ఇందులో లేనిదేమిటి అని. శనివారం రాత్రి పంపితే ‘నెక్స్ట్ వీక్’ అంటే రేపటి తర్వాతి సోమవారమా, ఆ పై సోమవారమా? 11 డాలర్లది వెజ్ బాక్స్, మరి చికెన్ బాక్స్ సంగతి? నెల డబ్బు ముందే కట్టినవాళ్లు మధ్యలో తేడా కట్టాలా? రెండు డాలర్ల డెలివరీ బాక్సుకా, ఇంటికా? మూడు బాక్సులు తెప్పించుకునే ఇంటికి ఆ తేడా రోజుకు నాలుగు డాలర్లు. అందుకే తిరగరాసే వ్యక్తి పనిలో సగం రాయడం కాదు, యజమానికి ఫోన్ చేసి ఇవన్నీ అడగడం. జవాబు దొరకని చోట సొంతంగా ఊహించి రాస్తే వాక్యం నున్నగా వస్తుంది గానీ, రేపు అదే వ్యాపారం ఇచ్చిన మాటై కూర్చుంటుంది.

ఈ ఉదాహరణలో యజమాని చెప్పిన జవాబులు ఇవి. కొత్త ధరలు మార్చి 3, సోమవారం నుంచి. వెజ్ 11 నుంచి 13కు, చికెన్ 13 నుంచి 15కు. ఇరవై బాక్సుల వెజ్ నెల ప్యాక్ 200 నుంచి 240కి. ఇంతవరకు ఐదు మైళ్ల లోపు ఉచితంగా ఉన్న డెలివరీకి ఇకపై ట్రిప్పుకు రెండు డాలర్లు, బాక్సులు ఎన్నైనా సరే. ప్యాక్ డబ్బు ముందే కట్టినవారికి ఆ బాక్సులు అయిపోయేవరకు పాత ధరే, డెలివరీ కూడా ఉచితమే. ఉగాది ట్రేల ధరలు మారవు.

అంకెలు ఒక కాగితం మీదికి వచ్చాక ఇంకో విషయం బయటపడుతుంది. విడిగా కొనేవారికి వెజ్ బాక్స్ మీద పెరిగింది సుమారు 18 శాతం, నెల ప్యాక్ మీద 20 శాతం. అంటే ప్రతినెలా ముందే డబ్బు కట్టే నమ్మకమైన ఖాతాదారుల మీదే ఎక్కువ భారం పడుతోంది. హడావుడి మెసేజీలో ఇది కనబడదు, పక్కపక్కన రాస్తే దాగదు. ధర నిర్ణయించేది యజమానే. కానీ పంపకముందే ఈ మాట ఆమె చెవిన వేయడం రాసే మనిషి బాధ్యత. ఇక్కడ యజమాని ఆలోచించి ప్యాక్‌ను 230కి దించారు, పెంపు 15 శాతమైంది. ఎలా చూసినా ‘కొంచెం’ అనే మాట మాత్రం నోటీసులో ఉండకూడదు. పదకొండుకు రెండు కొంచెమో కాదో కట్టేవాళ్లు తేల్చుకుంటారు.

కారణం రాయడం దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. 2023 జులైలో భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించినప్పుడు అమెరికాలోని ఇండియన్ షాపుల్లో సోనామసూరి బస్తాల కోసం జనం ఎగబడ్డారు, ధరలూ ఎగిరాయి. అప్పట్లో ‘బియ్యం నిషేధం వల్ల’ అని రాసి బాక్స్ ధర పెంచితే, 2024 సెప్టెంబరులో ఆ నిషేధం ఎత్తేశాక ‘మరి ఇప్పుడు తగ్గిస్తారా?’ అని అడిగే హక్కు కొనేవారికి వచ్చినట్టే. తగ్గించే ఉద్దేశం లేనప్పుడు, తిరిగి తగ్గగల ఒకే ఒక్క సరుకును కారణంగా చూపకూడదు. అలాగని అంకెలతో వివరించబోవడమూ చిక్కే. న్యూజెర్సీలో కనీస వేతనం 2025 జనవరిలో గంటకు 15.13 డాలర్ల నుంచి 15.49కి పెరిగింది. ఆ అంకె నోటీసులో పెడితే, ముప్పై ఆరు సెంట్లకు బాక్స్ మీద రెండు డాలర్లా అని లెక్క వేసేవాళ్లు ఉంటారు. నిజమైన ఖర్చులు రెండు మూడు పేర్లతో ఒకే వాక్యంలో చెప్పి ఆపేస్తే చాలు.

క్షమాపణ కూడా అంతే. ‘సారీ, ప్లీజ్’ అని బతిమాలితే బేరానికి తలుపు తీసినట్టవుతుంది. దానికి విరుగుడుగా ‘ఇందుమూలముగా తెలియజేయడమైనది’ అని మొదలుపెడితే మునిసిపాలిటీ నోటీసు బోర్డు గుర్తొస్తుంది. గౌరవ రూపాలే వాడుతూ, ‘అండి’ని ఒక్కచోట ఉంచితే మర్యాదకు లోటుండదు. తయారైన నోటీసు ఇది:

‘నమస్కారమండి. మార్చి 3, సోమవారం నుంచి మా బాక్స్ ధరలు మారుతున్నాయి.
వెజ్ బాక్స్: 11 డాలర్ల నుంచి 13 డాలర్లు.
చికెన్ బాక్స్: 13 డాలర్ల నుంచి 15 డాలర్లు.
20 బాక్సుల నెల ప్యాక్ (వెజ్): 200 డాలర్ల నుంచి 230 డాలర్లు.
5 మైళ్ల లోపు డెలివరీ: ట్రిప్పుకు 2 డాలర్లు (ఇప్పటివరకు ఉచితం).
ధరలకు సేల్స్ ట్యాక్స్ అదనం.
ఇప్పటికే ప్యాక్ డబ్బు కట్టినవారికి, ఆ బాక్సులు అయిపోయేవరకు పాత ధరే, డెలివరీ కూడా ఉచితమే. ఉగాది ట్రేల ధరల్లో మార్పు లేదు.
సరుకులు, కిచెన్ అద్దె, పనివాళ్ల జీతాలు పెరగడం వల్ల ఈ మార్పు చేస్తున్నాం. సందేహాలుంటే ఈ నంబరుకే మెసేజ్ చేయండి. మా వంటను ఆదరిస్తున్నందుకు కృతజ్ఞతలు.’

తేదీ, ధరలు పైన ఉండటానికి కారణం ఉంది. పొడవైన మెసేజీని వాట్సాప్ సగంలో మడిచేస్తుంది, మిగతాది నొక్కి చదివేవాళ్లు తక్కువ. పాత ధర పక్కనే కొత్త ధర రాస్తే ఎవరూ వెనక్కి వెతుక్కోనక్కర్లేదు. మారని వాటి గురించిన వాక్యం అదనపు మర్యాదలా కనిపిస్తుంది కానీ, అది లేకపోతే ఉగాది పులిహోర ట్రేలకు అడ్వాన్స్ ఇచ్చిన ప్రతి ఇంటి నుంచీ ఫోన్ వస్తుంది. పన్ను మాట కూడా అలాంటిదే. న్యూజెర్సీలో వండిన భోజనం మీద 6.625 శాతం పడుతుంది కాబట్టి 13 డాలర్ల బాక్సుకు చేతి నుంచి పోయేది 13.86. ఆ ఒక్క లైను లేకపోతే మొదటి బిల్లు చూసినప్పుడే ‘రెండు కాదు, ఇంకా ఎక్కువే పెంచారు’ అనే మాట పుడుతుంది.

కొనేవారిలో తమిళులు, గుజరాతీలు ఉంటే ఇంగ్లీషు నోటీసు కూడా వేయాలి. అంకెలూ తేదీలూ రెండింటిలో ఒకేలా ఉన్నాయో లేదో గట్టిగా చదివి పోల్చాలి, తేడాలు దొర్లేది అక్కడే.

నోటీసు పంపడానికీ కొత్త ధరలు అమల్లోకి రావడానికీ మధ్య కనీసం రెండు వారాల గడువు ఉండాలి, ఇక్కడైతే ఫిబ్రవరి 15 లోపు పంపాలి. గ్రూపులో వేస్తే ఎవరో ఒకరు ‘మరీ ఎక్కువండీ’ అన్న వెంటనే పంచాయితీ మొదలవుతుంది. బ్రాడ్‌కాస్ట్ లిస్టుతో ఆ బాధ లేదు కానీ, ఆ మెసేజీ యజమాని నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవారికే చేరుతుంది. మిగతావారికి విడిగా పంపాలి. తప్పు దొర్లితే దిద్దుకోవడానికి వాట్సాప్ ఇచ్చే గడువు పదిహేను నిమిషాలే. అది దాటితే ‘సవరణ’ అని పైన రాసి మొత్తం నోటీసు మళ్లీ పంపాలి, సరిచేసిన అంకె ఒక్కటే పంపితే రెండు మెసేజీలూ చదవని వారికి ఏది నిజమో తెలియదు. ధరలు అమల్లోకి వచ్చే ముందు శనివారం ఒకసారి గుర్తు చేస్తే సరిపోతుంది: ‘కొత్త ధరలు ఎల్లుండి, మార్చి 3 నుంచి. వివరాలు ఫిబ్రవరి 15 నాటి మెసేజీలో ఉన్నాయి.’